చిట్టాలో ఒక లెక్క, బ్యాంకులో ఇంకో లెక్క: తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

తెనాలిలో మా చిన్నాన్నకు కిరాణా కొట్టు ఉంది. రోజువారీ అమ్మకాలు చిట్టాలో రాయడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. అమ్మకం రాసి, పక్కన నగదుకు ‘న’, అప్పుకు ‘అ’, ఫోన్‌లో వచ్చిన డబ్బుకు ‘ఫో’ అని పెడతారు. నేను ఒక అకౌంట్ల ఆఫీసులో పని చేస్తాను. మొన్న పండక్కి వెళ్లినప్పుడు ఆయన పాస్‌బుక్కు, చిట్టా నా ముందు పెట్టి, “ఏ రోజూ కలవదమ్మా. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. ఎవరిని అడగాలో తెలీదు” అన్నారు. రెండు రాత్రులు కూర్చుని ఆ తేడాలను పట్టుకున్నాం. స్కానర్ పెట్టుకున్న ఏ కొట్టులోనైనా వచ్చే తేడాలే కాబట్టి, మేం చూసిన వరసలోనే రాస్తున్నాను.

సమస్య: ఏ రోజు చూసినా తేడా, వారం మొత్తం చూస్తే మాత్రం దగ్గర దగ్గరగా వస్తోంది

ఇలా కనిపిస్తే డబ్బు పోలేదు, తేదీలు జారాయి. చిన్నాన్న మంగళవారం చిట్టాను మంగళవారం బ్యాంకులో పడిన మొత్తంతో పోల్చేవారు. ఆయన వాడే యాప్‌లో రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. ఆ రోజు స్కానర్ మీద వచ్చిందంతా ఒకే మొత్తంగా మరుసటి ఉదయం ఖాతాలో పడుతుంది. అంటే మంగళవారం పొద్దున పడింది సోమవారం అమ్మకం. ఈ వేళలు అన్ని యాప్‌లలో ఒకేలా ఉండవు. కొన్ని రాత్రే వేస్తాయి, కొన్ని రోజుకు రెండు మూడు విడతలుగా వేస్తాయి. మీ యాప్‌లో సెటిల్‌మెంట్ అన్న చోటకు వెళ్లి ఒక జమను తెరిస్తే, అందులో ఏ వేళ నుంచి ఏ వేళ వరకు వచ్చిన చెల్లింపులు ఉన్నాయో కనిపిస్తుంది. ఆ వేళలను చిట్టా మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

ఇందులోనే ఒక చిన్న మెలిక ఉంది. కొన్ని యాప్‌లలో అప్పటిదాకా వచ్చిన డబ్బును వెంటనే ఖాతాలో వేయించుకునే బటన్ ఉంటుంది. ఒక శనివారం సరుకు లారీకి డబ్బు కట్టాలని చిన్నమ్మ మధ్యాహ్నం అది నొక్కింది. మర్నాడు పొద్దున మిగతా సగమే పడింది. ఆ ఆదివారమంతా చిన్నాన్నకు టెన్షనే. అలా నొక్కిన రోజున రెండు జమలనూ కలిపి చూడాలి.

సమస్య: తేదీలు సరిచేసినా ఇంకా కలవడం లేదు

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. చిట్టాను నేరుగా బ్యాంకుతో పోల్చితే ఎన్నటికీ తేలదు. మధ్యలో యాప్ ఉంది. ముందు చిట్టాను యాప్‌లోని చెల్లింపుల జాబితాతో పోల్చాలి. ఆ తర్వాత యాప్ మొత్తాన్ని బ్యాంకు జమతో పోల్చాలి. మొదటి మెట్టులో వచ్చే తేడాలు కొట్టులో పుట్టినవి, రెండో మెట్టులో వచ్చేవి యాప్ కంపెనీ దగ్గరో బ్యాంకు దగ్గరో పుట్టినవి. రెండూ కలిపేస్తే ఎవరిని అడగాలో కూడా తెలియదు.

మేం తీసుకున్నది ఒక సోమవారం. చిట్టాలో అమ్మకం 21,350 రూపాయలు. అందులో నగదు 11,900, అప్పు 810, ఫోన్ 8,640. మంగళవారం పొద్దున బ్యాంకులో పడింది 9,497. అంటే 857 ఎక్కువే వచ్చింది. “ఎక్కువొచ్చిందిగా, ఇది వదిలేయ్. తక్కువొచ్చిన రోజు చూద్దాం” అన్నారు చిన్నాన్న. వదలొద్దని నేను పట్టుబట్టాను. ఎక్కువ వచ్చిన రోజు కూడా లోపల తక్కువ దాగి ఉండొచ్చు.

యాప్‌లో సోమవారం తేదీ పెట్టి జాబితా తెరిచాం. మొత్తం 9,615, చెల్లింపులు 60. చిట్టాలో ‘ఫో’ పద్దులు 61. మొత్తంతో పాటు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మంచి అలవాటు, కానీ దాన్నే నమ్ముకోకూడదు. ఇక్కడ తేడా ఒకటే అనిపించినా, లోపల ఉన్నవి నాలుగు. ఆయన చిట్టాలో ఒక్కో పద్దు చదువుతుంటే నేను యాప్‌లో వెతికి చెప్పాను, కలిసిన ప్రతిదానికీ పెన్సిల్‌తో టిక్కు పెట్టాం. పావుగంట పట్టింది. టిక్కు పడకుండా మిగిలినవి ఇవి.

మొదటిది 1,200. యాప్‌లో ఉంది, చిట్టాలో లేదు. చిన్నాన్నకు వెంటనే గుర్తొచ్చింది. వెనక వీధి మేస్త్రి పాత బాకీని స్కానర్ మీద కట్టాడు. అది ఆ రోజు అమ్మకం కాదు, కాబట్టి చిట్టాలో రాయకపోవడం సరైనదే. కానీ అప్పు పుస్తకంలోనూ కొట్టేయలేదు. చూడకపోతే ఆ మేస్త్రిని కట్టిన బాకీయే మళ్లీ అడిగేవారు. ఇప్పుడు చిట్టా పేజీ కింద ‘బాకీ వసూలు’ అని వేరే గీత గీసి, అలాంటివి అక్కడ రాస్తున్నారు.

రెండోది 340. చిట్టాలో ఉంది, యాప్‌లో లేదు. సాయంత్రం రద్దీలో స్కానర్ కాగితం మీద గీతలు పడి ఫోన్ పట్టుకోకపోతే, సరుకు కొన్న ఒకాయన మా తమ్ముడి నంబరుకు పంపాడు. డబ్బు వచ్చింది, కానీ తమ్ముడి సొంత ఖాతాలోకి. వాడి ఫోన్‌లో చూస్తే దొరికింది. వాడు దాచుకున్నదేం లేదు, గుర్తు లేదంతే. గీతలు పడిన స్కానర్ మార్పించాం. ఎవరి నంబరుకైనా వస్తే ఆ రాత్రే కొట్టు ఖాతాకు పంపాలని మాట పెట్టుకున్నాం. అలా పంపినప్పుడు అది కొత్త అమ్మకంలా కనిపించకుండా, నోట్‌లో పద్దు నంబరు రాయాలి.

మూడోది 200. రెండు చోట్లా పద్దు ఉంది, మొత్తాలే వేరు. చిట్టాలో 300, యాప్‌లో 500. ఒకామె ఏటీఎం దాకా వెళ్లలేక, 300 సరుకుకు 500 కొట్టి, మిగిలిన 200 నగదు తీసుకుంది. దీని రెండో కొస గల్లాపెట్టెలో ఉంటుంది. ఆ రాత్రి గల్లాలో 200 తక్కువొచ్చిందని చిన్నాన్న పనికుర్రాణ్ణి అడిగారట. ఆ పిల్లాడి తప్పేమీ లేదు. ఆ మాట విన్నాక నాకు ఈ లెక్క మీద ఇంకా పట్టుదల వచ్చింది. ఇప్పుడు అలా ఇచ్చిన నగదును పద్దు పక్కనే ‘న 200 ఇచ్చాం’ అని రాస్తున్నారు.

నాలుగోది 85. దీని గురించి విడిగా చెప్పాలి.

సమస్య: కొనుక్కున్నవాళ్ల ఖాతాలో డబ్బు కట్ అయింది, సౌండ్ బాక్స్ మాత్రం పలకలేదు

సౌండ్ బాక్స్ పలకకపోవడానికి దానికే నెట్ లేకపోవడం ఒక కారణం. అప్పుడు డబ్బు వచ్చేసి ఉంటుంది, యాప్ జాబితాలో కనిపిస్తుంది. జాబితాలోనూ లేకపోతే చెల్లింపు మధ్యలో ఆగినట్టు. ఎదుటివాళ్ల ఫోన్‌లో చూపించే స్క్రీన్‌తో తేల్చుకోవద్దు. అచ్చం చెల్లింపు అయినట్టే చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. వాళ్ల యాప్‌లో ఆ చెల్లింపుకు 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు, మొత్తం, వేళ రాసుకుని, మీ జాబితాలో వెతకండి.

డబ్బు కట్ అయి, కొట్టుకు ఖరారు రాకుండా ఆగిన యూపీఐ చెల్లింపును 5 రోజుల్లోపు దానంతటదే తిరిగి పంపాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లో నియమం పెట్టింది. ఆ డబ్బు వెళ్లేది కొనుక్కున్నవాళ్ల ఖాతాకు. చాలామంది కొట్టువాళ్లు ఇక్కడే పొరబడతారు. మనకు రావాల్సింది మనకే వచ్చేస్తుందనుకుని ఊరుకుంటారు. మా 85 విషయంలో అదే జరిగింది. కొన్నావిడను మరుసటి వారం అడిగితే, తన ఖాతాలోకి తిరిగి వచ్చిన మెసేజ్ తీసి చూసుకుని, అప్పటికప్పుడే మళ్లీ కట్టింది. ఇలాంటి పద్దును ‘ఫో’ అని రాయొద్దు. చిట్టా చివర ‘ఆగినవి’ అని రాసి, తేలేదాకా మొత్తంలో కలపొద్దు.

ఇప్పుడు లెక్క చూడండి. చిట్టాలోని 8,640కి 1,200, 200 కలిపి, 340, 85 తీసేస్తే 9,615. యాప్ మొత్తం సరిగ్గా అంతే.

సమస్య: యాప్‌లో ఒక మొత్తం, బ్యాంకులో దానికన్నా తక్కువ

యాప్‌లో 9,615, బ్యాంకులో 9,497. తేడా 118. సెటిల్‌మెంట్ వివరం తెరిస్తే అక్కడే ఉంది. సౌండ్ బాక్స్ నెల అద్దె 100, దాని మీద 18 శాతం జీఎస్టీ. నెలకోసారి ఆ రోజు జమలోంచే కోసుకుంటారు. ఇది అమ్మకం తగ్గడం కాదు, కొట్టు ఖర్చు. ఖర్చుల కింద రాయాలి.

అద్దె కోసే రోజు కాకపోయినా తక్కువ పడితే, పెద్ద చెల్లింపులను చూడండి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారి రుసుము లేదు. కానీ రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి 2,000 దాటి కడితే కొంత కోత ఉండొచ్చు. బియ్యం బస్తాలు కొన్న రోజుల్లో ఇది కనిపిస్తుంది. వివరంలో కారణం ఏమీ రాయని కోత ఉంటేనే ఫిర్యాదు చేయాలి. అప్పుడు జమ తేదీ, దాని యూటీఆర్, యాప్ మొత్తం, పడిన మొత్తం ఈ నాలుగూ చెబితే చాలు. “డబ్బు తక్కువొచ్చింది” అంటే వాళ్లు వెతకలేరు.

ఇప్పుడు చిన్నాన్న రాత్రి షట్టర్ వేశాక మొదటి మెట్టు, పొద్దున టీ తాగుతూ రెండో మెట్టు చూసుకుంటున్నారు. మొదటి మెట్టును మర్నాటికి వాయిదా వేయొద్దని నేను గట్టిగానే చెప్పాను. 300 సరుకుకు 500 కొట్టిన మనిషి ఆ రాత్రి గుర్తుంటుంది, మూడు రోజుల తర్వాత గుర్తుండదు. ఎంత వెతికినా పదో పదిహేనో తేలని రోజులు ఉంటాయి. వాటిని సర్దేసి సమానం చేయకుండా, ‘తేలలేదు 15’ అని తేదీతో అలాగే రాసి ఉంచాలి. అదే మొత్తం, అదే వేళకు మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ వేళ గల్లా దగ్గర ఏం జరుగుతోందో చూడాల్సి ఉంటుంది.

ఈ పద్ధతి పట్టుకోలేనిది ఒకటుంది. చిట్టాలో రాయకుండా, స్కానర్ మీద డబ్బు కూడా రాకుండా బయటికి వెళ్లిన సరుకు. అది ఈ రెండు జాబితాల్లోనూ ఉండదు. దానికి అరల్లో సరుకు లెక్కపెట్టాల్సిందే. చిన్నాన్న ఈ నెల నూనె ప్యాకెట్లతో ఆ పని మొదలుపెట్టారు.