బరంపురంలో ఏపీ బండి: చవగ్గా కొన్న కారు ఐదేళ్లలో కొత్తదాని ఖర్చుకు ఎందుకు చేరుతోంది?

సమస్య ఎప్పుడూ ఒకటే. విశాఖలోనో శ్రీకాకుళంలోనో నాలుగేళ్ల కారు నాలుగు లక్షలకు దొరికింది. అదే మోడల్ కొత్తది ఆన్‌రోడ్ ఏడున్నర లక్షలు. మూడున్నర లక్షలు మిగిలాయని సంబరపడి బండి బరంపురం తెచ్చుకుంటారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ మిగులు ఎటు పోయిందో తెలీదు. ఇంజిన్ బాగోలేదనో, పాత బండి కదా పెట్రోలు ఎక్కువ తాగుతోందనో అనుకుంటారు. చాలాసార్లు తప్పు బానెట్ కింద ఉండదు, నంబరు ప్లేటు మీద ఉంటుంది.

ముందు లెక్క సరిగ్గా వేయండి

కొన్న ధరలు పోల్చడం మొదటి పొరపాటు. పోల్చాల్సింది ఐదేళ్లలో పోయే విలువ. 1200 సీసీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఏడాదికి పది వేల కిలోమీటర్లు అనుకుందాం. ఏడున్నరకు కొన్న కొత్తది ఐదేళ్ల తర్వాత మూడున్నరకు పోతే తరుగు నాలుగు లక్షలు. నాలుగుకు కొన్న పాతది తొమ్మిదేళ్ల వయసులో లక్షా ఎనభైకి పోతే తరుగు రెండు లక్షల ఇరవై. అసలు తేడా మూడున్నర కాదు, లక్షా ఎనభై వేలే.

ఇందులోంచి పెట్రోలు తీయండి. కొత్తది లీటరుకు 18, పాతది 16 ఇస్తే, లీటరు వంద రూపాయల లెక్కన ఐదేళ్లకు 35 వేలు పాతదానికి ఎక్కువ. టైర్లు, బ్యాటరీ, క్లచ్ సెట్టు, సస్పెన్షన్ బుష్‌లు కొత్తదానికంటే పాతదానికి ముందే వస్తాయి కాబట్టి మరో 50 వేలు పక్కన పెట్టండి. ఇన్సూరెన్స్ ఇద్దరికీ దాదాపు సరిపోతుంది: కొత్తదానికి సొంత డ్యామేజీ ప్రీమియం ఎక్కువైనా, మూడేళ్ల థర్డ్ పార్టీ ఆన్‌రోడ్ ధరలోనే కట్టేసి ఉంటుంది. చివరికి పాతది ఇచ్చే లాభం 95 వేలు. గంజాం జిల్లా నంబరుతో, ఇక్కడి బండే కొన్నవాళ్లకు ఈ లాభం నిజంగానే మిగులుతుంది.

అసలు దొంగ: సరిహద్దు దాటిన ఆర్సీ

ఏపీ 30, ఏపీ 31, ఏపీ 39 నంబరు చూడగానే ధర అడిగే ముందు ఆగాలి. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఒడిశా నంబరు వేయించాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. నంబరు మారాలంటే ఇక్కడి పన్ను కట్టాలి. అమ్మినతను ఆంధ్రాలో లైఫ్ ట్యాక్స్ కట్టేశాడుగా అంటే ఇక్కడ చెల్లదు. బండి వయసును బట్టి తగ్గించి వేస్తారు, కానీ వేస్తారు. పన్ను 35 వేలు, ఫీజులు, ప్లేటు, ఏజెంటు ఖర్చు కలిపి 10 వేలు అనుకున్నా ఆ 95 వేలు 50 వేలైపోయింది. మీ బండికి పన్ను ఎంతో అడ్వాన్సు ఇచ్చే ముందే ఇక్కడి ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ కాపీ చూపించి అడగండి. ఈ ఒక్క పని చేసేవాళ్లు తక్కువ.

నంబరు మార్చకుండా నడిపేద్దాం అనుకునేవాళ్లకు ఇంకో దెబ్బ ఉంది. ఇచ్ఛాపురం వచ్చిందంటే ఆంధ్రాయే కదా, ఎవరు పట్టుకుంటారు అంటారు. పట్టుకోకపోవచ్చు. కానీ ఆర్సీ పాత యజమాని పేరునే ఉంటుంది, దాంతో ఇన్సూరెన్సూ ఆయన పేరునే ఉంటుంది. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్ బండితో పాటు వస్తుంది. సొంత బండి డ్యామేజీ కవర్ అలా రాదు. కొన్న 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోవాలి. లేదంటే తప్తపాని ఘాట్‌లో బంపరు, రేడియేటరు, హెడ్‌లైటు పోయిన రోజు 80 వేల బిల్లు మీ జేబులోంచే. ప్రీమియం కడుతూనే ఉన్నా క్లెయిము రాదు.

ఇక్కడే ఇంకో చిన్న మోసం. బ్రోకరు చూపించే ప్రీమియం అమ్మేవాడి నో క్లెయిమ్ బోనస్‌తో ఉంటుంది. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. సొంత డ్యామేజీ ప్రీమియం 8,000, నాలుగేళ్ల బోనస్ 45 శాతం అనుకోండి. 4,400కి 1000 నుంచి 1500 సీసీ థర్డ్ పార్టీ 3,416 కలిపి, 18 శాతం జీఎస్టీ వేస్తే సుమారు 9,220. బోనస్ తీసేస్తే 13,470. మొదటి ఏడాదే నాలుగు వేల పైన తేడా.

సరిచేసే వరుస

వరుస తప్పితే ఆఫీసుల చుట్టూ తిరగడమే. లోన్ ఉంటే ముందు బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్ కొట్టేయించాలి. పెండింగ్ చలాన్లన్నీ అమ్మేవాడి చేతే కట్టించాలి. అవి ఉంటే ఆర్టీఓ ఎన్‌ఓసీ ఆగిపోతుంది. తర్వాత అతని ఆర్టీఓలో ఫారం 28 మీద ఎన్‌ఓసీ. అందులో మీ చిరునామా ఏ ఆర్టీఓ కిందికి వస్తే ఆ ఆఫీసు పేరే రాయించాలి. గజపతి జిల్లావాళ్లు గంజాం పేరు రాయించుకుని మళ్లీ మొదటికి రావడం మామూలే. ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకాలు డబ్బు పూర్తిగా ఇచ్చే ముందే తీసుకోండి. చివరిగా ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు, పన్ను.

ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా ధరలో 30, 40 వేలు పట్టి ఉంచండి. పూర్తి డబ్బు అందాక ఫోనెత్తే అమ్మకందారు అరుదు. ఆంధ్రాలో మిగిలిన కాలానికి లైఫ్ ట్యాక్స్ వాపసు అడగవచ్చు, దానికీ పాత యజమాని సహకారం కావాలి. ఆ మాట బేరంలోనే తేల్చుకోండి.

లోన్ మీద కొంటుంటే

పాత బండి లోన్‌కు వడ్డీ ఎక్కువ. మూడు లక్షలు 14 శాతానికి ఐదేళ్లు తీసుకుంటే వడ్డీ లక్షా 19 వేలు. కొత్తదానికి ఐదున్నర లక్షలు 9 శాతానికి తీసుకుంటే లక్షా 35 వేలు. దాదాపు రెట్టింపు అప్పు చేసినా వడ్డీ తేడా 16 వేలే. లోన్ మీద ఏపీ బండి కొని నంబరు మార్చుకునేవాళ్లకు ఆ 50 వేలకు ఈ 16 వేలు కలిపినా లాభం ఐదేళ్లకు 66 వేలే. అలాంటప్పుడు కొత్తది కూడా చూడటం మేలు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. అంతకు ముందు ధరలు పట్టుకుని పాతదానికి రేటు చెప్పేవాళ్లతో గట్టిగా బేరమాడండి.

అరుదైనవి

మీటరు తిప్పడం: సర్వీసు రికార్డులో కిలోమీటర్లు చూస్తే తేలిపోతుంది. వరద బండి: సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద చార కనిపిస్తే అక్కడితో వదిలేయండి. ఈ20 పెట్రోలు: 2023కు ముందు బండ్లకు మైలేజీ కొంచెం తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలు ఒకసారి చూపించుకుంటే చాలు.