పేరు ఒక్క మాటేనా? పాస్‌పోర్టు ఫారమ్‌లో సర్‌నేమ్ దగ్గర ఆగండి

మా పిన్ని కూతురు సరళకి టెన్త్ మెమోలో, ఆధార్‌లో ఒక్క మాటే ఉంది: SARALA. ఇంటిపేరు ఎక్కడా ఎక్కలేదు. కూకట్‌పల్లిలో ఓ నెట్ సెంటర్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు, "సర్‌నేమ్ లేదా అక్కా? మీ నాన్న పేరు కొట్టేస్తా, ఖాళీగా ఉంటే ఫారమ్ పోదు" అన్నాడు.

పోతుంది. ఆన్‌లైన్ ఫారమ్‌లో Given Name గడి తప్పనిసరి, Surname గడి కాదు. ఒక్క పేరే ఉన్నవాళ్లు దాన్ని Given Name లో రాసి, రెండోది ఖాళీగా వదిలేయాలి. చుక్క, గీత, NA లాంటివేవీ పెట్టొద్దు. అదే పేరు రెండుసార్లు కొట్టొద్దు. వెంకటలక్ష్మి అని మెమోలో కలిపే ఉంటే, వెంకట ఒక గడిలో, లక్ష్మి ఇంకో గడిలో అని విడదీయొద్దు. నాన్న పేరుకి ఫారమ్‌లో వేరే చోటు ఉంది. సరళ సర్‌నేమ్‌లో నర్సయ్య అని పడితే ఆధార్‌తో పొంతన కుదరదు, పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అక్కడే ఆపేయొచ్చు.

అసలు ఆలోచించాల్సింది ఫారమ్ తెరవకముందే. దుబాయ్ వెళ్లే పని ఉందా? 2022 నవంబర్ 21 నుంచి యూఏఈ ఒక్క పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమంది. పాస్‌పోర్టులో మరో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని ఆ తర్వాత వివరణ ఇచ్చింది. కాబట్టి నాన్న పేరు రాసే గడుల్ని తేలిగ్గా తీసుకోకండి, ఆయన ఆధార్‌లో ఉన్నట్టే పూర్తిగా రాయండి. అమెరికా వీసాలో ఇంకో వింత: ఉన్న ఒక్క పేరునీ సర్‌నేమ్‌గా పెట్టి, ముందు పేరు చోట First Name Unknown అనే అర్థంలో FNU అని వేస్తారు. సరళ అక్కడ "ఎఫ్ఎన్‌యూ సరళ" అయిపోతుంది.

ఈ తిప్పలు వద్దనుకుంటే ముందు ఆధార్‌లో ఇంటిపేరు చేర్పించి, అది చేతికొచ్చాకే అప్లై చేయండి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే కుదురుతుంది, అక్షరం అక్షరం చూసి మరీ ఇవ్వండి. మెమోలో మాత్రం పాత పేరే ఉంటుంది కాబట్టి ఆ తేడా గురించి అడుగుతారు. పాస్‌పోర్టు వచ్చాక చేర్చాలంటే రీఇష్యూ, మళ్లీ ఫీజు. 36 పేజీల దానికి మామూలు ఫీజే 1,500 రూపాయలు. ప్రయాణం ఎటూ లేకపోతే సర్‌నేమ్ ఖాళీగా వదిలేయడమే నయమని నేనంటాను.

అపాయింట్‌మెంట్ రోజు సేవా కేంద్రంలోని A కౌంటర్‌లో వివరాలు స్క్రీన్ మీద చూపిస్తారు. తలూపేసి లేవకండి. సరళ అక్కడే పట్టుకుంది: సర్‌నేమ్ ఖాళీగానే ఉంది గానీ, నాన్న పేరులో ఒక S ఎగిరిపోయి NARAIAH అయింది. చెప్పగానే అక్కడికక్కడే సరిచేశారు.