మార్గదర్శకాలు మన వైపే ఉన్నా బదిలీపై రిట్ ఎందుకు నిలవదు?

సమస్య: మూడేళ్లు నిండకముందే బదిలీ ఉత్తర్వు వచ్చింది. భార్య ఇక్కడే ఉద్యోగం చేస్తోంది, పిల్లల చదువు మధ్యలో ఉంది. బదిలీల మార్గదర్శకాలు చూపించి హైకోర్టులో రిట్ వేస్తే స్టే రాలేదు.

కారణం: ఉత్తర్వు సమంజసమా కాదా అని కోర్టు తూచదు, చట్టాన్ని దాటిందా అని మాత్రమే చూస్తుంది. బదిలీ అయ్యే ఉద్యోగంలో చేరినవారికి ఫలానా ఊళ్లోనే ఉండే హక్కు లేదు. ఎవరి అవసరం ఎక్కడుందో తేల్చాల్సింది శాఖే. ఒకరి బదిలీ ఆపితే ఆ స్థానానికి రావాల్సినవారిదీ ఆగుతుంది.

ఎస్.ఎల్. అబ్బాస్ కేసు (1993) చూడండి. ఆయన్ను షిల్లాంగ్ నుంచి పౌరీకి బదిలీ చేశారు. భార్య షిల్లాంగ్‌లోనే ఉద్యోగి. ట్రిబ్యునల్ ఉత్తర్వును కొట్టేసింది, సుప్రీంకోర్టు ట్రిబ్యునల్ తీర్పును కొట్టేసింది. భార్యాభర్తల్ని ఒకేచోట ఉంచాలన్న మార్గదర్శకాన్ని శాఖ పరిశీలించాలి, కానీ అది కోర్టు ద్వారా అమలు చేయించుకునే హక్కును ఇవ్వదు అంది. మన పిటిషన్లలో ఎక్కువ భాగం ఆగిపోయేది ఇక్కడే.

పరిష్కారం: ముందు ఉత్తర్వును చదవండి. సంతకం పెట్టిన అధికారికి ఆ అధికారం ఉందా? మీరు ఉల్లంఘన అంటున్నది రాజ్యాంగం 309 అధికరణం కింద వచ్చిన, చట్టబలం ఉన్న నియమమా, లేక పాలనాపరమైన సూచనల జీవోనా? రెండోదైతే దాని మీదే రిట్ నిలబెట్టొద్దు. ఇబ్బందులన్నీ వినతిపత్రంలో రాసి శాఖకు ఇవ్వండి. దానిపై నిర్ణయం చెప్పకపోతే, ఫలానా గడువులోగా తేల్చమని కోర్టును అడగొచ్చు. అంత చిన్న కోరికకు ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

సమస్య: ఇది కక్షతో చేసిన బదిలీ, కానీ కోర్టు నమ్మలేదు.

కారణం: దురుద్దేశం రుజువు చేసే భారం పూర్తిగా మనదే. ‘కక్ష కట్టారు’ అని ఒక వాక్యం రాస్తే చాలదు. ఎమ్మెల్యే సిఫార్సు లేఖ ఉన్నంత మాత్రాన కూడా బదిలీ చెల్లకుండా పోదు.

పరిష్కారం: తేదీలు, మెమోలు, ఫిర్యాదు కాపీలు వరుసగా పెట్టండి. ఎవరిపై ఆరోపిస్తున్నారో ఆ అధికారిని పేరుతో ప్రతివాదిగా చేర్చండి, చేర్చకపోతే ఆరోపణను పట్టించుకోరు. సోమేశ్ తివారీ (2009) గెలిచింది ఇలాంటి కాగితాల వల్లే. ఆకాశరామన్న ఫిర్యాదుపై ఆయన్ను భోపాల్ నుంచి షిల్లాంగ్‌కు పంపారు, విచారణలో ఆరోపణలు నిలవలేదు. పాలనా అవసరం ఏదీ లేకుండా శిక్షగా చేసిన బదిలీ చట్టరీత్యా దురుద్దేశమే అని సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక హెచ్చరిక. కేసు నడుస్తోంది కదా అని కొత్తచోట చేరకుండా ఉండిపోవద్దు. 1989లో గుజరాత్ విద్యుత్ బోర్డు కేసులో అలా చేరని ఉద్యోగిని తొలగిస్తే సుప్రీంకోర్టు బోర్డునే సమర్థించింది. స్టే లేకపోతే జాయిన్ అవ్వండి, వినతి పెండింగులో ఉందని జాయినింగ్ రిపోర్టులోనే రాయండి.