పాట రాద్దాం, 5వ పాఠం: రాతకి మాట కలుస్తుందా?

ఈ పాఠంలో నేరుగా దగ్గరి ప్రాసలోకి, అంటే పూర్తిగా కలవకుండా కలిసినట్టే వినిపించే ప్రాసలోకి, వెళ్దామనుకున్నాను. కానీ పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన లైన్లు చదివాక, ముందు నా తప్పు దిద్దుకోకపోతే ఒక్క అడుగు కూడా ముందుకు పడదని అర్థమైంది. నాలుగో పాఠంలో నేను "చివరి రెండు అక్షరాలూ ఒకేలా వినిపిస్తే అంత్యప్రాస కుదిరినట్టే" అని రాసి ఊరుకున్నాను. మీరు అదే నమ్మారు. తలుపు మీద నాలుగు లైన్లు రాయమంటే, దాదాపు అందరూ ఇలా పంపారు: తలుపు దగ్గర నిలుచున్నాను, నీ కోసం చూస్తున్నాను, గడియ పెట్టి ఏడుస్తున్నాను, మళ్ళీ తెరుస్తున్నాను. రూల్ ప్రకారం తప్పు లేదు. వినడానికి మాత్రం హాజరు పట్టీ చదువుతున్నట్టుంది.

ఇది ప్రాస కాదు. ఒకే ప్రత్యయాన్ని నాలుగుసార్లు అతికించడం. "-న్నాను" అన్నది మీరు వెతికి పట్టుకున్న శబ్దం కాదు, వ్యాకరణం మీ చేతిలో పెట్టినది. తెలుగులో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, ఎవరు, ఎప్పుడు అన్నది మారనంతవరకు దాని తోక ఒకటే, కాబట్టి ఎవరు ఏం రాసినా ఇది కలుస్తుంది, ఎలక్ట్రిసిటీ బిల్లు గురించి రాసినా కలుస్తుంది. గజల్ తెలిసినవాళ్ళకి ఒక్క మాటలో చెప్తాను: మీరు రదీఫ్ రాసి దాన్ని కాఫియా అనుకుంటున్నారు. రదీఫ్ ప్రతిసారీ తిరిగొచ్చే మాట, ప్రాస దానికి ముందున్న కాఫియాలో ఉండాలి.

పరీక్ష తేలిక. తోక కోసేసి మిగిలింది చూడండి. "నిలుచున్నాను"లో తోక తీస్తే నిలుచు, "చూస్తున్నాను"లో "-తున్నాను" తీస్తే చూస్. వీటికి చుట్టరికం లేదు. "రాస్తున్నా, కాస్తున్నా" తీసుకోండి, తోక పోయాక రాస్, కాస్ మిగిలాయి, ఇవి నిజంగా కలిశాయి. "మాటలు, పాటలు"లో కూడా "లు" తీసేస్తే మాట, పాట మిగులుతాయి, బాగుంది. "పూలలో, రాళ్ళలో" మాత్రం "లో" తీసేయగానే విడిపోతాయి. కి, కు, తో, లో, లు, లేదు, కదా, అంట, ఇవన్నీ ఈ తోకల జాబితాలోవే. లైను చివర "లేదు" పెట్టడం తప్పని అనట్లేదు, నేనూ పెడతాను, కానీ దాన్ని ప్రాస లెక్కలో వేసుకోను.

కాబట్టి నాలుగో పాఠంలో రూల్‌ని ఇలా మార్చి చదువుకోండి. తోక పోయాక మిగిలిన మాటలో చివరి నుంచి రెండో అక్షరంలోని అచ్చు, ఆ తర్వాతి హల్లు, ఆఖరి అచ్చు, మూడూ ఒకటే అయితే పూర్తి ప్రాస. ఇంగ్లీషు పాటలవాళ్ళు పర్ఫెక్ట్ రైమ్ అనేది దాదాపు ఇదే. మాట–బాట, జాడ–వాడ. మూడింటిలో ఒకటి జారితే దగ్గరి ప్రాస, అంటే స్లాంట్ రైమ్. ఆఖరి అచ్చుకి ఎక్కువ మార్కులు వేయకండి, మన మాటల్లో సగం "ఉ"తోనే ఆగుతాయి, అది కలవడం పెద్ద విశేషం కాదు. అసలు పనంతా చివరి నుంచి రెండో అక్షరంలో ఉంటుంది.

పోయినసారి ఒక జత పూర్తిగా కలవలేదని నేనంటే, ఒకరు నన్ను బాగానే పట్టుకున్నారు: "గోడ, నీడ పూర్తిగా కలిశాయి కదా, మరి మీరెందుకు కలవలేదన్నారు?" కాగితం మీద చివరి అక్షరం ఒకటే. పాడి చూడండి. గాయకులు సాగదీసేది "డ"ని కాదు, "గో"ని, "నీ"ని. "గోఓఓ" అన్నప్పుడు పెదవులు గుండ్రంగా ముడుచుకుంటాయి, "నీఈఈ" అన్నప్పుడు పక్కలకి సాగుతాయి. రెండు సెకన్లు పూర్తిగా వేరే శబ్దం విన్నాక చివర్లో ఒక్క "డ" తగులుతుంది. చెవి దాన్ని సగం ప్రాసగానే తీసుకుంటుంది. అయితే ఆ ప్రశ్నకి ఇంకో వైపు కూడా ఉంది. పద్యంలో పాదం మొదటి నుంచి రెండో అక్షరానికి పాటించే ప్రాస ప్రకారం గోడ, నీడ ఒప్పే, ఎందుకంటే అక్కడ హల్లు ఒకటై, ముందున్న అక్షరం గురువో లఘువో అన్నది కలిస్తే చాలు, అచ్చు ఏదన్న పట్టింపు లేదు. ల–ళలని కూడా కలవనిచ్చారు. యతికైతే త, థ, ద, ధ అన్నీ ఒకే జట్టు. అంటే దగ్గరి శబ్దంతో సరిపెట్టుకోవడం మనకి కొత్త కాదు, లైను చివర వాడటమే కొంచెం కొత్త.

ఆ గురులఘువుల పట్టింపు మాత్రం దగ్గరి ప్రాసకి ప్రాణం. హల్లు మారొచ్చు, ఒక్కోసారి అచ్చు కూడా మారొచ్చు, కానీ పొడవు మారకూడదు. రాత–బాధ నిలబడుతుంది. రాత–కథ నిలబడదు, "రా" సాగింది, "క" సాగలేదు, వినేవాళ్ళకి అది దగ్గరి ప్రాసలా కాదు, పొరపాటులా వినిపిస్తుంది.

ఇక అసలు విషయం. ఒక పాట పని చూద్దాం. తండ్రి పోయాక కొడుకు సొరుగు తెరిచాడు, అందులో మందుల చీటీ ఉంది, నాన్న చేతిరాత. మొదటి రెండు లైన్లు తేలిగ్గానే వచ్చాయి:

సొరుగులో మందుల చీటీ
నాన్న వంకర రాత

ఇప్పుడు "రాత"కి పూర్తి ప్రాస వెతకండి. పాత, తాత, వాత, మాత. వెతికితే ఇంకొన్ని దొరుకుతాయి. ఈ నాలుగింట్లో సందర్భానికి దగ్గరగా వచ్చేది "వాత", దాంతో లైను తనంతట తనే తయారైపోతుంది: "చూడగానే గుండె మీద వాత." కుదిరింది, ఖణేల్‌మని మోగింది కూడా. కానీ ఆ కొడుక్కి ఆ క్షణంలో గుండె మీద ఏ వాతా పడలేదు. వాత వచ్చింది దుఃఖం నుంచి కాదు, "రాత" నుంచి. వినేవాళ్ళు ఈ లెక్కంతా వేయరు, కానీ మాట మనిషి నోటి నుంచి కాక ప్రాసల పట్టీలోంచి వచ్చిందని ఎలాగో పసిగడతారు. పైగా అంత గట్టిగా మూసుకున్న ప్రాస ముందే అన్నీ ఆలోచించుకుని వచ్చినవాడి గొంతులా ఉంటుంది. సొరుగు ముందు కూర్చున్నవాడు అలా మాట్లాడడు.

కాబట్టి ప్రాస పక్కన పెట్టి, నిజంగా ఏం జరిగిందని అడగాలి. ఆ మందులు తెమ్మని నాన్న చెప్పాడు, వీడు రేపు తెస్తానన్నాడు. అంతే. వీడిని పొడిచేది ఆ రేపు:

సొరుగులో మందుల చీటీ
నాన్న వంకర రాత
రేపు తెస్తాలే అంటూ
నేను చెప్పిన మాట

రాత–మాట. "ఆ" అలాగే ఉంది, చివరి "అ" అలాగే ఉంది, పొడవూ అంతే. త పలికేటప్పుడు నాలుక పళ్ళకి తగులుతుంది, ట దగ్గర కాస్త వెనక్కి మడత పడుతుంది, తేడా అంతవరకే. పద్యంలో త, ట వేర్వేరు జట్లు, పాటలో చెవి ఒప్పుకుంటుంది. పూర్తిగా అతుక్కోని ఆ చిన్న సందులోనే వాడు చెప్పలేకపోయింది ఉండిపోతుంది. "వాత" పెట్టినప్పుడు ఆ సందు మనమే మూసేశాం.

రెండో చరణం ఇంకొంచెం వదులుగా రాశాను, కావాలనే:

మంచం పక్కనే ఇంకా
తాగని నీళ్ళ గ్లాసు
వద్దురా ఇప్పుడవన్నీ
నాకు ఇంతే చాలు

గ్లాసు–చాలు. ఇక్కడ హల్లుకి హల్లు సంబంధం లేదు, ఆ–ఉ అన్న అచ్చులే మిగిలాయి. ఇది మొదటి చరణంలో వచ్చుంటే మీకు ప్రాసే వినపడేది కాదు. రాత–మాట విన్న చెవి అప్పటికే ఈ కొలతకి అలవాటు పడింది కాబట్టి పట్టుకుంటుంది. రెండు చరణాల్లోనూ బేసి లైన్లు 13 మాత్రలు, సరి లైన్లు 10. ప్రాసని వదులు చేసినప్పుడు మాత్రల్ని కూడా వదులు చేస్తే పాట ఇక వచనమే, రెంటిలో ఒకటైనా గట్టిగా పట్టుకోవాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటుంది. మూడు జతలు పూర్తి ప్రాసతో రాసి, నాలుగోది దొరక్క దగ్గరి ప్రాసతో ముగిస్తారు. అది నిజాయితీలా వినిపించదు, ఓపిక అయిపోయినట్టు వినిపిస్తుంది. దగ్గరి ప్రాస వాడదలిస్తే మొదటి జతలోనే మొదలుపెట్టండి. తిరగేస్తే మాత్రం బాగా పనిచేస్తుంది: చరణమంతా దగ్గరి ప్రాసల మీద నడిపి, ఆఖరి జత పూర్తిగా కలిపితే ఏదో తేలిపోయినట్టు, మనిషి ఒక నిర్ణయానికి వచ్చినట్టు అనిపిస్తుంది. ఈ కొడుకు ఇంకా ఏ నిర్ణయానికీ రాలేదు కాబట్టి నేను అలా ముగించలేదు.

జోలపాట, నినాదం, వెటకారం, జనం కలిసి పాడే పల్లవి, వీటిలో దగ్గరి ప్రాస జోలికి పోకండి. జనం తర్వాతి మాటని ముందే ఊహించి అందుకోవాలి, దానికి పూర్తి ప్రాసే కావాలి.

ప్రాస "సరిచేయడం" ఎంత నష్టమో చూడాలంటే అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ సంగతి ఉంది. ఆవిడ 1886లో చనిపోయాక, 1890లో మొదటి సంపుటం వేసినవాళ్ళు కొన్నిచోట్ల ఆవిడ దగ్గరి ప్రాసల్ని పూర్తి ప్రాసలుగా మార్చి అచ్చేశారు. ప్రాస మార్చాలంటే మాట మార్చాలి. ఆవిడ రాసిన మాటలతో కవితలన్నీ ఒకచోటికి రావడానికి 1955 దాకా పట్టింది.

నా అలవాటు ఒకటి చెప్తాను, నచ్చితే వాడండి. దగ్గరి ప్రాస వాడేముందు పూర్తి ప్రాసతో ఒక లైను తప్పకుండా రాస్తాను, రాసి కొట్టేస్తాను. కొట్టేయడానికి కారణం చెప్పలేకపోతే అదే ఉంచేస్తాను. చాలాసార్లు దగ్గరి ప్రాస అనుకున్నది వట్టి బద్ధకమని అప్పుడే బయటపడుతుంది. ఇంకోటి, కన్నీరు–పన్నీరు జత మీద నాకు తీరని కోపం ఉంది, దయచేసి నాకు పంపకండి.

అభ్యాసం ఈసారి కష్టమే. మీ జీవితంలో నిజంగా జరిగిన ఒక చిన్న సంగతిని ఒక లైనులో రాయండి, చివర నామవాచకం ఉండాలి, క్రియ వద్దు. దానికి పూర్తి ప్రాస మాటలు ఎన్ని దొరికితే అన్ని, దగ్గరి ప్రాస మాటలు కనీసం ఇరవై రాయండి. రెండు రకాలతోనూ ఒక్కో జత కట్టి ఫోన్‌లో రికార్డు చేసి, ఆ సంగతి తెలిసిన మనిషికి ఏది ఏదో చెప్పకుండా వినిపించండి. ఏది బాగుందని అడగొద్దు. "ఇందులో నేను ఎక్కడ అబద్ధం చెప్పాను?" అని అడిగి, వాళ్ళు చూపించిన మాట ఏదో నాకు రాసి పంపండి.