పాస్‌వర్డ్ మార్చినా క్యాలెండర్‌లో చెత్త ఆగడం లేదా?

విజయనగరంలో ఉండే మా మేనల్లుడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. అతని గూగుల్ క్యాలెండర్‌లో రోజుకు ఐదారు పిచ్చి ఈవెంట్లు పడేవి. 'మీకు బహుమతి వచ్చింది' అని ఒకటి, ఏదో లోన్ ప్రకటన ఇంకొకటి. తెల్లవారుజామున నాలుగింటికి కూడా ఫోన్ మోగేది. ఎవరో హ్యాక్ చేశారన్న టెన్షన్‌తో పాస్‌వర్డ్ మార్చేశాడు. మర్నాడు మళ్ళీ అదే మోత. "ఏటి మావయ్యా, తాళం మార్చినా దొంగ లోపలే ఉన్నాడేటి?" అన్నాడు.

ముందు ఆ ఈవెంట్ ఒకటి తెరిచి చూడాలి. అతిథుల జాబితా, అందులో Organizer అని తెలియని మెయిల్ ఉంటే అది బయటివాళ్ళు పంపిన ఆహ్వానం. అప్పుడు యాప్‌ల జోలికి వెళ్ళక్కర్లేదు. తెలిసినవాళ్ళ ఆహ్వానాలే క్యాలెండర్‌లో చేరేలా సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. మావాడి ఈవెంట్లలో అతిథులెవరూ లేరు, అతని పేరే ఉంది. అంటే అతను ఇచ్చిన అనుమతితోనే ఏదో యాప్ లోపల కూర్చుని రాస్తోంది.

యాప్‌కి మనం Allow నొక్కినప్పుడు గూగుల్ దానికి పాస్‌వర్డ్ ఇవ్వదు, విడిగా టోకెన్ అనే ఒక డిజిటల్ అనుమతి చీటీ ఇస్తుంది. జీమెయిల్ చదివే అనుమతి ఉన్న టోకెన్ పాస్‌వర్డ్ మారిస్తే చెల్లకుండా పోతుంది. క్యాలెండర్‌కి మాత్రమే ఇచ్చిన టోకెన్ అలా పోదు. ఫోన్లోంచి యాప్ తీసేసినా పోదు, ఎందుకంటే అది పనిచేసేది వాళ్ళ సర్వర్‌లో.

ఇక తీసేయడం. బ్రౌజర్‌లో ఈ చిరునామా తెరవండి:

```
myaccount.google.com/connections
```

మావాడి జాబితాలో పద్నాలుగు యాప్‌లు తేలాయి. ఒక్కోదాన్ని నొక్కి See details చూశాం. ఎప్పుడో పెట్టుకున్న స్టడీ టైమ్‌టేబుల్ యాప్ దగ్గర క్యాలెండర్‌లన్నీ చూడటానికి, మార్చడానికి, పూర్తిగా చెరిపేయడానికి కూడా అనుమతి ఉంది. టైమ్‌టేబుల్‌కి అంత అధికారం దేనికో! అక్కడే కిందున్న Delete all connections నొక్కాడు.

మిగతావి తీసేటప్పుడు తొందరపడొద్దు. కొన్ని Sign in with Google వరకే ఉంటాయి. వాటికి మన పేరు, మెయిల్, ఫొటో తప్ప పెద్దగా ఏమీ అందవు. పైగా ఆ సైట్లలోకి మనం లాగిన్ అయ్యేది ఈ కనెక్షన్ ద్వారానే. వాడుతున్న సైటైతే ముందు అక్కడ సొంత పాస్‌వర్డ్ పెట్టుకుని అప్పుడు తీయండి. నాలుగేళ్ళుగా ముట్టుకోని ఫొటో ఎడిటర్‌కి డ్రైవ్ అనుమతి కనిపిస్తే ఆలోచించక్కర్లేదు.

తీసేశాక పాత ఈవెంట్లు వాటంతట అవి పోవు, చేత్తోనే చెరుపుకోవాలి. యాప్ అప్పటికే కాపీ చేసుకున్న సమాచారం కూడా వెనక్కి రాదు; చెరిపేయమని ఆ యాప్ వాళ్ళకే మెయిల్ పెట్టాలి. మావాడు పెట్టాడు, జవాబు రాలేదు. ఈవెంట్లు మాత్రం ఆ రాత్రి నుంచి పడలేదు.