తాతగారిని గ్రూప్ ఫోటోలో కలిపే ముందు: ఆయన ముఖం జోలికి వెళ్లకండి

తమిళ ఆడి నెల అయిపోతోంది. ఆవణి ముహూర్తాలు మొదలయ్యాయంటే మా చెన్నైలో ఫోటో పని చేసేవాళ్ల దగ్గరికి ఒకటే మాట వస్తుంది: "కాలం చేసిన మా తాతగారిని కూడా ఫ్యామిలీ ఫోటోలో పెట్టాలండి." ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. పోయిన నెల పెరంబూరులో ఒక తెలుగువాళ్లింట్లో జరిగింది తెలిశాక ఇది రాయాలనిపించింది.

మనవడు ముచ్చటపడి, నానమ్మకు చెప్పకుండా ఎక్కడో చేయించాడు. గృహప్రవేశం రోజు చుట్టాలందరి ముందు ఫ్రేమ్ మీద గుడ్డ తీశాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని దగ్గరికెళ్లి చూసి, "ఈయనెవరు నాయనా?" అన్నారు. తర్వాత గదిలోకి వెళ్లి పడుకున్నారు, భోజనానికి కూడా లేవలేదు.

వారం తర్వాత ఆ ఫ్రేమూ, అసలు ఫోటో కూడా నా దగ్గరికి తెచ్చారు. అసలుది 1978లో ఉద్యోగం గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న నలుపు తెలుపు పాస్‌పోర్ట్ ఫోటో. అందులో పెద్దాయన ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంది, పై పెదవి మీద చిన్న గాటు ఉంది. ఫ్రేమ్‌లోని మనిషికి రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి, గాటు లేదు, పెదవుల మధ్య తెల్లటి పళ్ల వరస మెరుస్తోంది. ముఖాన్ని క్లియర్ చేసే యాప్‌లో వేశారన్నమాట.

నేను చూసిన ఇళ్లలో మనసులు విరిగింది ఎక్కువగా ఈ ఒక్క తప్పు వల్లే. పాత ముఖాన్ని కొత్త ఫోటో అంత షార్ప్‌గా చేయబోతారు. ఫోటోలో మసకగా ఉన్న చోట అసలు వివరం లేదు. యాప్ దాన్ని వెలికి తీయదు, వేలాది మంది ఇతరుల ముఖాలు చూసి నేర్చుకున్న దాన్నిబట్టి కన్ను ఇలా ఉండొచ్చు, పెదవి ఇలా ఉండొచ్చు అని కొత్తగా గీస్తుంది. వాలిన రెప్పని లోపం అనుకుని సరిచేస్తుంది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ రెప్పే ఆయన గుర్తు.

స్కాన్ దగ్గర

అసలు పాత ముఖాన్ని పెద్దది చేయాల్సిన అవసరమే చాలాసార్లు ఉండదు. పదకొండు మంది రెండు వరసల్లో నిలబడ్డ ఫోటోని 12x18 అంగుళాల్లో ప్రింట్ వేస్తే ఒక్కొక్కరి తల సుమారు ఒక అంగుళం వస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఆ తలకి కావాల్సింది 300 పిక్సెళ్లే. పాస్‌పోర్ట్ ఫోటోలో కూడా తల దాదాపు అంగుళం ఉంటుంది కాబట్టి 600 dpiలో స్కాన్ చేస్తే 600 పిక్సెళ్లు చేతికొస్తాయి. అంటే కావాల్సినదానికి రెట్టింపు. సగానికి తగ్గించేటప్పుడే సన్నటి గీతలూ దుమ్మూ చాలావరకు మాయమవుతాయి.

పాత గ్రూప్ ఫోటోలో గోరంత ముఖమే దొరికితే సంగతి వేరు. అప్పుడు ముఖాన్ని సాగదీయకండి, ప్రింటే చిన్నది చేయండి. 8x12 చాలు.

కలిపే దగ్గర

పాతదాన్ని కొత్తదాని స్థాయికి లేపకూడదు. కొత్తదాన్నే పాతదాని దగ్గరికి దించాలి. పెరంబూరు ఫోటోకి నేను చేసింది ఇదే. ముందు మొత్తం కుటుంబాన్ని నలుపు తెలుపులోకి మార్చాను. తాతగారికి రంగులు వేసే పని తప్పింది. ఆయన ఒంటి రంగు ఏమిటో నాకేం తెలుసు? రంగు వేసేవాళ్లు చాలామంది ఒక ఛాయ తెలుపు చేసేస్తారు, అది కూడా ముఖం మార్చడమే.

తర్వాత కాలర్లు చూశాను. పెద్దాయన తెల్ల కాలర్ అంచు దగ్గర తెలుపు నుంచి నలుపుకి మారడానికి నాలుగైదు పిక్సెళ్లు పడుతోంది. పక్కన మనవడి కాలర్‌కి ఒకటి రెండే. ఆ రెండు అంచులూ ఒకేలా కనిపించేదాకా ఫోటోషాప్‌లో బతికున్నవాళ్ల లేయర్‌కి అంచుల్ని మసకబరిచే Gaussian Blur ఇచ్చాను. ఒక పిక్సెల్ దగ్గర కుదిరింది. పాత ప్రింట్‌లో నలుపు వెలిసి బూడిద రంగులోకి దిగింది కాబట్టి Curvesలో కొత్తవాళ్ల నలుపుని కూడా కాస్త పైకెత్తాను. చివర్లో పాత ఫోటోల్లో కనిపించే సన్నటి చుక్కల గరుకు, అంటే గ్రెయిన్ కోసం అందరి మీదా కలిపి ఒకే Add Noise, Monochromatic టిక్ పెట్టి, 3 శాతం. గ్రెయిన్ ఎప్పుడూ ఆఖరునే వేయాలి. ముందే వేస్తే బ్లర్ దాన్ని తినేస్తుంది.

ఇంకో సంగతి. ఆయన్ని ఎక్కడ నిలబెట్టాలని నానమ్మగారినే అడిగాను. పక్కన కుర్చీలో అంటారనుకున్నాను. "వెనకాలే పెట్టు నాయనా, ఆయనెప్పుడూ ఫోటోల్లో వెనకే నిలబడేవారు" అన్నారు. దాంతో నా కష్టం కూడా సగం తగ్గింది. పాస్‌పోర్ట్ ఫోటోలో భుజాల దాకానే ఉంటుంది. వెనక వరసలో అంతే కనపడుతుంది కాబట్టి వేరేవాళ్ల ఒళ్లు అరువు తెచ్చి అతికించాల్సిన పని లేకపోయింది.

ఇక మిగతావి వరసగా చెప్తాను.

ఫ్రేమ్ అద్దానికి అతుక్కున్న ఫోటోని పీకకండి. సముద్రపు తేమకి మన ఊళ్లో ఇది మామూలే, పీకితే ముఖం అద్దం మీద ఉండిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి. తడిగుడ్డతో తుడవొద్దు.

ముఖాన్ని అద్దంలోలా తిప్పకండి. ముక్కు నీడ అటు పడుతోంది, ఇటు పడాలి అని తిప్పేస్తారు. పాపిడి, పుట్టుమచ్చ, పైట అన్నీ పక్క మారిపోతాయి. ఇంట్లోవాళ్లకి ఏదో తేడా తెలుస్తుంది, ఏమిటో చెప్పలేరు. నీడ కుదరకపోతే వెలుతురు అదే వైపు నుంచి పడేలా కుటుంబాన్నే మళ్లీ ఫోటో తీయండి.

నవ్వించకండి.

వయసు తగ్గించకండి, పెంచకండి. భార్యకి డెబ్బై, పక్కన భర్తకి ముప్పై ఐదు అయితే ఆవిడకి ఎలా ఉంటుందో ఆవిడనే అడగండి. కొందరు మురిసిపోతారు, కొందరు తట్టుకోలేరు.

ఆవిడ నుదుటి మీద కుంకుమ పెట్టమని కొడుకులు చెప్తారు. కొడుకుల మాట మీద పెట్టొద్దు. ఆవిడ నోటితో చెప్పాలి. వద్దంటే రెండోసారి అడగొద్దు.

పోయాక తీసిన ఫోటో ఒక్కటే ఉంటే కళ్లు తెరిపించకండి. ఎంత డబ్బిచ్చినా నేను చేయను. ఆయన వాడిన కుర్చీనో చేతికర్రనో ఫోటోలో పెట్టుకోండి.

ఇంట్లో ఒక్కరు వద్దన్నా ఆగండి. ఏడాది తిరగని ఇంట్లో అయితే మరీ.

ప్రింట్ వెనక రాయండి: ముఖం ఏ ఏటి ఫోటోలోది, ఎప్పుడు కలిపాం. ఆయన పోయాక పుట్టిన పిల్లలు ఆ ఫోటోలో ఉన్నారు. రేపు వాళ్ల పిల్లలు దాన్ని నిజమనుకుంటారు. ఆఫీసు కాగితాలకి ఆ ఫోటో ఎప్పుడూ జతచేయకండి.

మళ్లీ చెప్తున్నా, ముఖం జోలికి వెళ్లకండి. దుమ్ము తీయొచ్చు, గీత పూడ్చొచ్చు. కన్ను, ముక్కు, పెదవి, పళ్లు ముట్టుకోవద్దు. యాప్‌లో వేసిన కాపీ ఇస్తే తీసుకోవద్దు, అసలు ప్రింటే అడగండి.

అందరి ముందు గుడ్డ తీసి ఆశ్చర్యపరచొద్దు. ముందు పోస్ట్‌కార్డ్ సైజు ప్రింట్ ఒకటి వేయించి, నానమ్మగారు ఒంటరిగా ఉన్నప్పుడు చేతికివ్వండి. పక్కన నిలబడి "బాగుందా" అని అడగొద్దు. రెండు రోజులు ఆవిడ దగ్గరే ఉంచండి. ఆవిడ "ఈయనే" అన్నాకే పెద్ద ప్రింట్‌కి ఆర్డర్ ఇవ్వండి.