వీలునామాలో దిద్దుబాటు ఎలా చేయాలి? ఏ దిద్దుబాటు కోర్టులో నిలుస్తుంది?

వీలునామా రాసి సంతకం పెట్టాక మనసు మారడం సహజం. ఒక కొడుక్కి కాస్త ఎక్కువ ఇవ్వాలనిపిస్తుంది, అమ్మేసిన స్థలం పేరు తీసేయాలనిపిస్తుంది. బీరువాలోంచి కాగితం తీసి, పెన్నుతో ఒక అంకె దిద్ది, పక్కన పొట్టి సంతకం చేసి మళ్లీ లోపల పెట్టేస్తారు. పని అయిపోయిందనుకుంటారు. చట్టం దృష్టిలో అక్కడ ఏమీ జరగలేదు.

హిందువులు, క్రైస్తవులు రాసే మామూలు వీలునామాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ముస్లింల వీలునామాలు వారి పర్సనల్ లా ప్రకారం నడుస్తాయి కాబట్టి ఇక్కడ చెప్పేది వాటికి కాదు. ఈ చట్టంలో రెండు సెక్షన్లు గుర్తుంటే చాలు. 63వ సెక్షన్ వీలునామా ఎలా అమలు కావాలో చెబుతుంది: రాసిన వ్యక్తి సంతకం లేదా వేలిముద్ర ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన సంతకం పెట్టడం సాక్షులు చూసి ఉండాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయన నోటితో విని ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే వాళ్లూ సంతకం చేయాలి. అలా అమలైన కాగితంపై తర్వాత చేసే కొట్టివేత, వరుసల మధ్య చేర్పు, దిద్దుబాటు ఏదైనా మళ్లీ అదే పద్ధతిలో జరిగితేనే చెల్లుతుందని 71వ సెక్షన్ అంటుంది. అంటే ఒక్క అంకె మార్చినా ఇద్దరు సాక్షులు కావాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక రైతుకు ఐదెకరాల పొలం ఉంది. టైపు చేయించిన వీలునామాలో పెద్ద కొడుక్కి ఎ. 2-50 సెంట్లు, చిన్న కొడుక్కి ఎ. 2-50 సెంట్లు రాశాడు. నాలుగేళ్ల తర్వాత పెద్దవాడి వరుసలో 2 మీద నీలం ఇంకుతో 3 దిద్ది, పక్కన పొట్టి సంతకం చేశాడు. సాక్షులు లేరు. చిన్నవాడి వరుస అలాగే ఉంది. ఇప్పుడు రెండూ కూడితే ఆరెకరాలు, షెడ్యూల్లో ఉన్నది ఐదే. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే 3 కింద 2 మెడ వంపు ఇంకా కనిపిస్తోంది. ఆ సంతకం తండ్రిదేనని అందరూ ఒప్పుకున్నా సరే, కోర్టు అమలు చేసేది పాత 2-50నే. పెద్దవాడికి ఒక ఎకరం కలపాలని ఆయన నిజంగానే కోరుకుని ఉండవచ్చు. ఆ కోరిక సాక్షుల ముందు కాగితం మీదికి రాలేదు, అంతే.

గీత కొట్టిన మాట కూడా ఇంతే. ‘చిన్న కుమార్తెకు ఇంటి స్థలం’ అన్న వరుస మీద అడ్డంగా గీత గీసినా, అక్షరాలు చదవడానికి వస్తున్నంతవరకు, సాక్షుల సంతకాలు లేకపోతే, ఆ స్థలం ఆమెకే వెళ్తుంది. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు.

71వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. దానివల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. పాత మాట అసలు చదవలేని విధంగా చెరిగిపోతే, ఆ చెరిపివేతకు ఫలితం ఉంటుంది. అదే రైతు చిన్నవాడి వరుసలోని అంకె, అక్షరాలు రెండింటినీ దట్టంగా వైట్‌నర్‌తో కప్పేసి, పైన 1-50 అని రాశాడనుకోండి. చెరిపింది ఆయనే అని తేలి, కింద ఏముందో చదవలేకపోతే, పాత 2-50 పోతుంది. పైన రాసిన 1-50కి సాక్షులు లేరు కాబట్టి అదీ నిలవదు. చిన్నవాడికి ఈ వీలునామా కింద మిగిలేది సున్నా. మిగతా ఆస్తి ఎవరికి పోవాలో చెప్పే వాక్యం వీలునామాలో లేకపోతే, ఆ రెండున్నర ఎకరాలు వీలునామా లేని ఆస్తిలా వారసులకు పంపకమవుతుంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమానంగా, తలా అరవై రెండున్నర సెంట్లు. ఇలా జరగాలని ఆ తండ్రి ఎప్పుడూ అనుకోలేదు. అందుకే వీలునామా దగ్గరికి వైట్‌నర్ రానివ్వకండి.

ఇక సరైన పద్ధతి. మార్పు చిన్నదైతే అసలు కాగితం మీదే చేయవచ్చు. పాత మాటను చదవడానికి వీలుండేలా ఒకే గీతతో కొట్టి, పైన కొత్త మాట రాయాలి. అంకెతో పాటు అక్షరాల్లోనూ మార్చాలి. అదే వరుసకు ఎదురుగా మార్జిన్‌లో రాసిన వ్యక్తి, ఇద్దరు సాక్షులు, 63వ సెక్షన్ చెప్పిన తీరులో సంతకం చేయాలి. తేదీ వేయడం మంచిది. మార్జిన్‌లో చోటు లేకపోతే చివర ఒక జ్ఞాపిక రాయవచ్చు: ‘రెండవ పేజీ 9వ వరుసలో ఎ. 2-50 (రెండు ఎకరాల యాభై సెంట్లు) అన్నది కొట్టివేసి ఎ. 3-50 (మూడు ఎకరాల యాభై సెంట్లు) అని, 11వ వరుసలో ఎ. 2-50 (రెండు ఎకరాల యాభై సెంట్లు) అన్నది కొట్టివేసి ఎ. 1-50 (ఒక ఎకరం యాభై సెంట్లు) అని మార్చడమైనది.’ దాని కింద ముగ్గురి సంతకాలూ ఉండాలి. పాత సాక్షులే రావాలని లేదు. కాకపోతే రేపు కోర్టుకు వచ్చి చెప్పగలిగిన, వయసులో చిన్నవాళ్లను పిలవండి. వీలునామాను రుజువు చేయడానికి, బతికి ఉండి రాగలిగిన సాక్షుల్లో కనీసం ఒకరినైనా విచారించాలి.

పాత సంతకం కింద మిగిలిన ఖాళీలో ‘ట్రాక్టరు కూడా పెద్దవాడికే’ అని తర్వాత రాసిన వాక్యం ఆ సంతకం పరిధిలోకి రాదు. దానికి మళ్లీ సంతకం, మళ్లీ ఇద్దరు సాక్షులు కావాల్సిందే. మధ్యలో దూర్చిన కొత్త పేజీ సంగతీ అంతే.

మార్పు సంతకాలకు ముందే జరిగి ఉంటే 71వ సెక్షన్ అడ్డు రాదు. కానీ ముందే జరిగిందని ఎవరు చెప్పాలి? సంతకాలు లేని దిద్దుబాటు కనిపిస్తే, వేరే రుజువు లేనంతవరకు, అది తర్వాత చేసిందనే కోర్టులు సాధారణంగా భావిస్తాయి. అందుకే మన దస్తావేజు లేఖరులు చివర కొట్టివేతలు, దిద్దుబాట్ల లెక్క రాస్తారు. ఆ లెక్క సంతకాల పైన ఉండాలి.

రిజిస్టర్ చేయించే వీలునామా అయితే, రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, దిద్దుబాట్ల దగ్గర రాసిన వ్యక్తి సంతకం లేని కాగితాన్ని సబ్ రిజిస్ట్రార్ తిప్పి పంపవచ్చు. ఆ ఒక్క సంతకం రిజిస్ట్రేషన్‌కు సరిపోతుంది కానీ, అమలయ్యాక చేసిన మార్పుకు సరిపోదు. ఈ రెండింటినీ కలిపేసుకుని మోసపోతారు.

రిజిస్టర్ అయ్యాక అసలు కాగితాన్ని ముట్టుకోవద్దని నా సలహా. ఆఫీసులో 3వ పుస్తకంలో పాత పాఠం అలాగే ఉంటుంది, రెండింటికీ తేడా వస్తే అనుమానం మీ మీదికే వస్తుంది. బదులుగా కోడిసిల్, అంటే అనుబంధ వీలునామా, వేరే కాగితం మీద రాయండి. అందులో పాత వీలునామా తేదీ, దస్తావేజు నంబరు, మారే వాక్యం, మిగతాది యథాతథంగా ఉంటుందన్న మాట ఉండాలి. ఇద్దరు సాక్షులు మామూలే. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా పాతది రిజిస్టర్ అయి ఉంటే దీన్నీ చేయించండి. మూడో మార్పు వరకు వస్తే కోడిసిల్ మీద కోడిసిల్ వద్దు, పాతవన్నీ రద్దు చేస్తూ కొత్త వీలునామా రాయండి. పాతదాని మీద ‘రద్దు’ అని రాసి ఒక్కరే సంతకం చేస్తే అది రద్దు కాదు.

రాసిన వ్యక్తి పోయాక దిద్దుబాట్లున్న కాగితం చేతికొస్తే, ఏదీ చెరపకండి, పిన్ను కూడా తీయకండి. రిజిస్టర్ అయినదైతే మరణ ధ్రువీకరణ పత్రంతో ఆ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. రాసిన వ్యక్తి మరణించాక ఆ కాపీని ఎవరైనా అడగవచ్చు. అది, అసలు కాగితం, రెండూ పక్కపక్కన పెట్టుకుని వరుస వరుసా పోల్చి, ఆ తేడాల పట్టికతో వకీలు దగ్గరికి వెళ్లండి.